లాగి చూశానన్న తలుపు

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
ఆదివారం

బావా,

'కంగారు పడకు' అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇది కంగారు పడాల్సిన సంగతే. అందుకే ఆ మాట రాయడం లేదు.

గురువారం కళ్ళద్దాల షాపు నుంచి వచ్చేసరికి వాన దంచి కొడుతోంది. అత్తయ్య డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఇంట్లో ఎవరూ లేరు. ముందు తలుపు తాళం తీసి, గొడుగు మూలన పెట్టి, వంటగదిలోకి తొంగి చూశాను. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద తడి పాదాలు. చెప్పుల్లేని పాదాలు, పెద్దవి. తలుపు నుంచి కుళాయి దాకా, అక్కణ్ణుంచి నా కుర్చీ దాకా. బల్ల మీద నా గ్లాసు, అడుగున కాసిని నీళ్ళు. ఎవరో వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా గ్లాసుతో నీళ్ళు తాగారు.

వెళ్ళిన పాదాలు మాత్రం ఎక్కడా లేవు.

అంటే ఇంకా లోపలే ఉన్నారేమో అన్న ఆలోచన రావడానికి ఒక్క క్షణం పట్టింది. గొడుగు కూడా తీసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. ఎదురింటి టైలరుగారు బట్టలు కొలిచే కర్ర పట్టుకుని వచ్చి, మంచాల కింద, బీరువా వెనక అన్నీ వెతికారు. ఎవరూ లేరు. ఏమీ పోలేదు. అదే నాకు ఇంకా భయంగా ఉంది. ఏదైనా పోయి ఉంటే, దానికోసం వచ్చారని అనుకునేదాన్ని.

మర్నాడు వడ్రంగిని పిలిచాను. ఆయన గొళ్ళెం చూసి నవ్వాడు. "దీన్ని ఎవరూ విరగ్గొట్టలేదమ్మా. ఈ స్క్రూలు తుప్పు పట్టి ఎప్పుడో వదులయ్యాయి. చిన్నపిల్ల భుజంతో తోసినా వచ్చేస్తుంది" అన్నాడు.

నువ్వు కొండ మీదికి వెళ్ళే ముందు రోజు అడిగాను నిన్ను. "మార్చేశాను, గట్టిగా ఉంది, లాగి చూశాను కూడా" అన్నావు.

మార్చావా? ఒక్క మాట రాయి చాలు.

నీ
చిట్టి


కొండ మీది క్యాంపు
బుధవారం

చిట్టీ, నా బంగారూ,

నీ ఉత్తరం చదివి గుండె ఆగినంత పనైంది. నీకేం కాలేదు కదా, అదే పదివేలు.

గొళ్ళెం సంగతి. క్షమించు. మారుద్దామనే బయల్దేరాను, కానీ ఇనప సామాన్ల షాపు మూసేసి ఉంది. మర్నాడు జీపు తెల్లారకుండానే వచ్చేసింది. నువ్వు అడిగినప్పుడు మార్చలేదంటే నేను వెళ్ళిన దగ్గర్నుంచీ నువ్వు భయపడుతూ కూర్చుంటావని అలా అన్నాను. తప్పే, కానీ నీ మంచికే కదా. అయినా అంత చిన్న గొళ్ళెం ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు?

ఏమీ పోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంక దాన్ని పట్టుకుని మనసు పాడుచేసుకోకు. 'క్షమించాను' అని ఒక్క ముక్క రాసెయ్. ఇక్కడ నా పని ఎలాంటిదో నీకు తెలుసు. నువ్వు కోపంగా ఉన్నావంటే సొరంగంలో నాకు చెయ్యి కుదరదు.

ఇక్కడ అంతా బాగుంది. నేను బాగున్నాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ


ఇల్లు
ఆదివారం

బావా,

ముందు ఒక మంచి కబురు. ఆ పాదాలు ఎవరివో తెలిసింది. వెనక వీధిలో ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారివి. ఆయనకి మతిమరుపు బాగా ముదిరింది. తన ఇల్లే అనుకుని వచ్చాడు. నీళ్ళు తాగి, పాదాలు ఆరేదాకా కూర్చుని వెళ్ళిపోయాడు. నిన్న మళ్ళీ వచ్చి తలుపు కొట్టాడు. నేను తీస్తే, "ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఏం చేస్తున్నావు?" అని గద్దించాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్ళ కోడలు వచ్చి తీసుకెళ్ళింది. ఆ వాన రోజు కూడా చెప్పుల్లేకుండా తడిసి ఇంటికొచ్చాడని ఆవిడే చెప్పింది.

కాబట్టి దొంగ లేడు. మరి నా భయం పోవాలి కదా? పోలేదు.

నీ ఉత్తరంలో 'క్షమించు' అన్న చోట ఒక 'కానీ', 'తప్పే' అన్న చోట ఇంకో 'కానీ'. ఆ కానీల తర్వాత క్షమాపణలో ఏమీ మిగలడం లేదు. పైగా క్షమించానని వెంటనే రాయకపోతే సొరంగంలో నీకు ఏదైనా జరగొచ్చన్నావు. అంటే ఇప్పుడు నీ ప్రాణం కూడా నా నెత్తినే పెట్టావు.

షాపు మూసేసి ఉందన్నావు. ఆ షాపు వాళ్ళ అమ్మాయి నిన్న మా షాపుకి కళ్ళద్దాలకి వచ్చింది. ఆ వారమంతా సరుకు లెక్క చూసుకుంటూ పొద్దున్నుంచీ రాత్రిదాకా తెరిచే ఉంచారట. నేను అడగలేదు, అదే మాటల్లో చెప్పింది. నా చేతిలో అద్దం జారి కింద పడింది.

ఇంకోటి. అత్తయ్య రోజూ పడుకునే ముందు వెనక తలుపుకి కుర్చీ ఆనించి పెడుతుంది, తెలుసా? నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ అదే అలవాటు. "గొళ్ళెం కొత్తది అత్తయ్యా, దయ్యాలకి కుర్చీ వేస్తున్నావా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. షాపులో అందరికీ చెప్పి నవ్వించాను కూడా. గొళ్ళెం మార్చలేదని తనకి తెలుసట. నువ్వు వెళ్ళిన రోజే చూసిందట. నిన్న నిలదీస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వాడి మాట పోతుందని చెప్పలేదే" అంది. నీ మాట నిలబెట్టడానికి ఆవిడ కాపలా కాసింది, నేను ఆవిణ్ణి చూసి నవ్వాను.

మా షాపులో కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను బావా. గోడ మీద అక్షరాలు కనపడకపోయినా కనపడుతున్నాయంటారు. పక్కవాళ్ళు చదివింది విని బట్టీ పట్టి చదివేస్తారు. తప్పు చెబితే నేనేదో మార్కులు తగ్గిస్తానన్నట్టు. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. కానీ వాళ్ళ కళ్ళకి అద్దాలు ఎలా చెయ్యను? నిజంగా ఎంత కనపడుతుందో చెప్పందే?

నువ్వు పోయిన ఏడు రాసిన ఉత్తరాలన్నీ తీసి చదివాను. జ్వరం తగ్గిందన్నావు. తగ్గిందా? కొత్త హెల్మెట్ ఇచ్చారన్నావు. ఇచ్చారా? ఏ వాక్యం మీద చెయ్యి పెట్టినా కదులుతోంది. నువ్వు చేసే పనే అది కదా. బాంబులు పేల్చాక అందరికంటే ముందు లోపలికి వెళ్ళి, ఇనప కడ్డీతో కప్పు కొట్టి చూసి, 'సరే' అంటావు. నీ 'సరే' విని అంతమంది లోపలికి నడుస్తారు. వాళ్ళకి చెప్పే 'సరే', నాకు చెప్పే 'సరే' ఒకటేనా, వేరువేరా?

'బాగున్నాను' అని ఇంక రాయకు. ఆ మాట చదివితే నాకు భయమేస్తోంది.

చిట్టి


కొండ మీది క్యాంపు
శనివారం

చిట్టీ,

పోయిన జీపుకి నా ఉత్తరం రాలేదని నువ్వు ఎదురు చూసి ఉంటావు. రాశాను. రాసిందల్లా నన్ను నేను వెనకేసుకు రావడమే అయింది. చింపేశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను గొళ్ళెం షాపుకి వెళ్ళలేదు. ఆ వీధిలోకే వెళ్ళలేదు. క్షౌరం చేయించుకుని, అక్కడే దోస్తులతో కబుర్లలో పడ్డాను. గొళ్ళెం పూర్తిగా మర్చిపోయాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే నువ్వు అడిగావు. అంతకుముందు వారం కూడా ఏదో మర్చిపోయి నీచేత మాటపడ్డాను. మళ్ళీ నీ ముఖం అలా చూడాలనిపించలేదు. 'మార్చేశాను' అన్న మాట నేను ఆలోచించేలోపే బయటికొచ్చింది.

అది నీ మంచికి కాదు. నా సుఖానికి.

'లాగి చూశాను' అన్నది మాత్రం ఆలోచించి అన్నదే. నువ్వు నమ్మాలని చేర్చాను. ఇక 'షాపు మూసేసి ఉంది' అన్నది ఇక్కడ, ఈ బల్ల దగ్గర, కావలసినంత తీరిగ్గా కూర్చుని రాశాను. మొదటిదానికైనా నోరు జారిందని చెప్పుకోవచ్చు. దీనికి అదీ లేదు.

నా మాట నమ్మి నువ్వు ఆ తలుపు పక్క గదిలో నిద్రపోయావు. వాన రోజు ఒక్కదానివే ఆ పాదాలు చూశావు. మా అమ్మ ఈ వయసులో కుర్చీ మోసింది, నీచేత మాటపడింది. ఆ నవ్వు నీది కాదు, నేను నీచేత నవ్వించాను. అమ్మకి వేరే రాశాను, నా మాట కోసం ఇంకెప్పుడూ ఏదీ దాచొద్దని, నీకు ఎదురుగా చెప్పమని.

క్షమించమని అడగడం లేదు. అడిగితే మళ్ళీ నీ మీద బరువు వేసినట్టే. నీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు, అనిపించకపోతే లేదు.

నేను చెయ్యగలిగింది ఇది. చెయ్యని పని చేశానని చెప్పను. నోరు జారితే, నువ్వు కనిపెట్టకముందే నేనే తర్వాతి జీపుకి దిద్ది పంపుతాను. నువ్వు ఎవర్ని అడిగి కనుక్కున్నా ముఖం ముడుచుకోను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. హెల్మెట్ ఇచ్చారు, నిజమే. జ్వరం అప్పటికి తగ్గలేదు. తగ్గిందని రాసిన రోజు దుప్పట్లో వణుకుతున్నాను.

ఇప్పుడు ఇక్కడి సంగతి. నీకు రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వానలకి సొరంగం లోపల కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గట్టి రాయిని కొడితే ఖంగుమంటుంది. ఊడే రాయి ఖాళీ డబ్బాలా మోగుతుంది. ఆ తడి చోట కొంతమేర డబ్బాలా మోగుతోంది. మంగళవారం ఒక బండ నేను కొట్టి పక్కకి జరిగాక పడింది. జరగకముందు పడి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. భయపడ్డాను. బయటికి వచ్చి రాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఇంజనీరుకి చెప్పాను, ఆ మేరకి కప్పులోకి ఇనప బోల్టులు దింపి, రాళ్ళు పడకుండా వల బిగించేదాకా ఎవర్నీ పంపనని.

నీ
బావ


ఇల్లు
ఆదివారం

బావా,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టుకున్నాను. ఇలాంటివి రాసేకంటే అబద్ధాలే నయం కదా అనిపించింది, నిజంగా. మర్నాడు షాపులో ఒకాయనకి కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించి ఇచ్చాను. పాపం మెట్లు దిగుతూ తూలి వెనక్కి వచ్చాడు.

నేనూ ఒకటి చెప్పాలి. నీ ఉత్తరం రాకముందే మీ మేస్త్రీగారి భార్య చదువుకునే అద్దాలకి వచ్చింది. ఆవిడ కళ్ళు చూస్తూ, ఏమీ తెలియనట్టు, "పైన అంతా ఎలా ఉందట?" అన్నాను. ఆవిడ, "మా ఆయన ఏమీ చెప్పడు కానీ, కప్పు నుంచి బండ పడిందని డ్రైవరు అంటున్నాడు. మీ ఆయనకి వెంట్రుకవాసిలో తప్పిందట" అంది. తర్వాత నీ ఉత్తరం వస్తే, ముందు ఆ బండ ఉందా లేదా అని వెతికాను. ఉంది. అప్పుడు మొదటినుంచీ చదివాను.

సిగ్గేసింది. ఊపిరీ ఆడింది. ఇంకా కొన్నాళ్ళు ఇలాగే చేస్తాను. ఎన్నాళ్ళో నాకు తెలీదు. ముఖం ముడుచుకోనన్నావు, గుర్తుంచుకో.

ఒక మాట మాత్రం. గుండెలో రేగిన ప్రతి భయమూ రాయక్కర్లేదు. ఏం జరిగిందో, దానికి ఏం చేస్తున్నారో, ఆ రెండూ కలిపి రాయి. నువ్వు ఇంజనీరుకి చెప్పావన్న చోట వేలు పెట్టుకుని నిద్రపోయాను.

అత్తయ్య తనకి నువ్వు రాసిన ఉత్తరం నాచేతే చదివించుకుంది. అయిపోయాక దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత, "వీడు చిన్నప్పుడు పలక పగలగొట్టి నెపం పిల్లి మీద పెట్టాడు. మనింట్లో పిల్లే లేదు" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

చిట్టి


కొండ మీది క్యాంపు
సోమవారం

చిట్టీ,

నీ జవాబు ఇంకా చేరలేదు. అది చదివితే ఇది రాసే ధైర్యం ఉంటుందో ఉండదో అని ముందే రాస్తున్నాను.

పోయిన ఉత్తరంలో 'ఇంజనీరుకి చెప్పాను' అన్నాను. చెప్పలేదు. చెబుదామనుకున్నాను. అన్ని నిజాలూ రాసి, చివరికి వచ్చేసరికి, నువ్వు భయపడతావని, నేను కాస్త మగాడిలా కనపడాలని, అయిపోయినట్టు రాసేశాను. కవరు అంటించి జీపులో పడేశాక తెలిసింది ఏం చేశానో. జీపు వెనక పరిగెత్తాను, మలుపు తిరిగిపోయింది.

ఎందుకు చెప్పలేదంటే ఆయనంటే భయం. పని ఆగితే నన్ను దింపేసి వేరేవాణ్ణి తెచ్చుకుంటాడని.

ఇది రాయాల్సి వస్తుందని తెలిసి, నిన్న ఆయన గదికి వెళ్ళాను. "నీకు చెవులు బాగా పనిచేస్తున్నాయా?" అని అరిచాడు. "పనిచేస్తున్నాయి సార్. మీరూ వచ్చి వినండి" అన్నాను. తిట్టుకుంటూనే వచ్చాడు. కడ్డీ తనే పట్టుకుని కొట్టాడు. బయటికి వచ్చి, బోల్టులు మొదలుపెట్టించాడు. తడి చోట సగం మేరకే. మిగతా సగానికి సామాను రావాలట. అక్కడ పని ఆపాలని నేనన్నాను, ఆపడం కుదరదన్నాడు. ఇది ఇంతే, ఇంతకంటే బాగా రాయలేను.

నువ్వు ఇప్పుడు నా గురించి ఏమనుకుంటావో తెలీదు. పంపేస్తున్నాను.

బావ


ఇల్లు
శుక్రవారం

బావా,

నీ ఉత్తరం చదివి మడతపెట్టి బియ్యం డబ్బా మీద పెట్టి, రోజంతా దాని దగ్గరికి వెళ్ళలేదు. నేను వేలు పెట్టుకుని నిద్రపోయిన చోటే బోలు అని తేలింది. ఎంత కోపం వచ్చిందంటే, అత్తయ్య కూడా నాకు ఎదురుపడలేదు.

సాయంత్రం మళ్ళీ తీసి చదివాను. ఒకటి ఒప్పుకోవాలి. ఇంతకుముందు నీ అబద్ధాలు నాకు వడ్రంగి చెప్పాడు, షాపు వాళ్ళ అమ్మాయి చెప్పింది. ఇది నువ్వు చెప్పావు. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మేస్త్రీగారి భార్యని అడిగినా తెలిసేది కాదు.

నమ్ముతున్నానని రాయను. నీకోసం అలా రాస్తే, నేనూ నీలాగే చేసినట్టవుతుంది. కానీ నిన్న ఆవిడ అద్దాలు తీసుకోవడానికి వచ్చింది. కొండ మీది సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. నిన్నటికి అంతే. రేపు అడుగుతానేమో.

మిగతా సగానికి సామాను వచ్చిందా? రాకపోతే రాలేదని రాయి.

చిట్టి


క్యాంపు

చిట్టీ,

డ్రైవరు నిలబడి ఉన్నాడు. పొద్దున సొరంగంలో కప్పు కూలింది. బోల్టులు వేసిన మేర నిలబడింది, వెయ్యని చోట పడింది. నేను బయటపడ్డాను, ఇప్పుడు బయటే ఉన్నాను. ఎడమ చెయ్యి విరిగింది, మోచేతి కింద. తలకి దెబ్బ లేదు, డాక్టరు చూశాడు. ఇద్దరు అవతల చిక్కుకున్నారు. లోపలికి పోయే గాలి గొట్టం మీద కొడితే అవతల్నుంచి తిరిగి కొడుతున్నారు, అంటే బతికే ఉన్నారు. ఏ రాయి కదిపితే ఏది పడుతుందో చెప్పాలి కాబట్టి నేను కిందికి రాను. లోపలికి కూడా వెళ్ళాల్సి రావచ్చు. వెళ్ళనని నీకు మాట ఇవ్వలేను.

బావ


ఇల్లు
మంగళవారం

బావా,

వాళ్ళిద్దరినీ బయటికి తెచ్చారని డ్రైవరు ఇప్పుడే వచ్చి చెప్పాడు. నువ్వు లోపలికి వెళ్ళి వచ్చావని కూడా చెప్పాడు. ఆ వివరాలు తర్వాత నువ్వే రాద్దువుగాని. ఇక్కడ ఏం జరిగిందో నీకు చెప్పాలి.

నిన్న మధ్యాహ్నానికల్లా ఊరంతా గుప్పుమంది. కొండ కూలిందనీ, ఎవరూ మిగల్లేదనీ. కంపెనీ ఆఫీసు గేటు ముందు అందరం నిలబడ్డాం. అత్తయ్య నా మోచెయ్యి వదల్లేదు, గోళ్ళు దిగాయి. లోపల్నుంచి ఎవరూ బయటికి రారు, వచ్చినా నోరు విప్పరు. అప్పుడు జీపు వచ్చింది. డ్రైవరు చేతిలో చీటీలు.

మేస్త్రీగారి భార్యకీ ఒకటి వచ్చింది. 'అంతా బాగుంది, కంగారు పడకు' అని రాసి ఉంది. ఆవిడ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నేల మీద కూలబడి ఏడ్చింది. "ఈయనెప్పుడూ ఇంతే, ఎప్పుడూ ఇదే రాస్తాడు, నేనేం తెలుసుకోను?" అంటూ. ఆయనకి నిజంగానే ఏమీ కాలేదట. రాత్రి ఆయన స్వయంగా దిగివచ్చి ఎదురుగా నిలబడేదాకా ఆవిడ నమ్మలేదు.

నేను నీ చీటీ అత్తయ్యకి చదివి వినిపించాను. "బయట ఉన్నాడంటున్నాడు, నిజమేనంటావా?" అంది. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నిజమే అత్తయ్యా. చెయ్యి విరిగిందని కూడా రాశాడు" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. అక్కడున్నవాళ్ళందరిలో మనసు కాస్త కుదుటపడింది నాకే. లోపలికి వెళ్ళాల్సి రావచ్చన్నావు. ఆ భయం రాత్రంతా ఉంది. కానీ అది ఆ ఒక్క భయమే. దాని వెనక ఇంకేం దాచావో అన్న భయం లేదు. నీ చీటీలో ఎంత ఉందో అంతే భయపడ్డాను.

నిన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు. గొళ్ళెం మాట వస్తే ఇప్పటికీ ఎక్కడో కలుక్కుమంటుంది. ఇంకొన్నిసార్లు నిన్ను పరీక్ష కూడా పెడతాను, ముందే చెబుతున్నాను. కానీ నిన్న ఆఫీసు గేటు దగ్గర నీ మాట పట్టుకుని నిలబడగలిగాను. ఇది నీకు తెలియాలి.

రేపు జీపులో అత్తయ్యా నేనూ పైకి వస్తున్నాం. షాపుకి సెలవు పెట్టాను. నొప్పి ఎలా ఉంది? మాకోసం రేపు కిందికి దిగే డ్రైవరు చేతికి చీటీ ఇవ్వు, నొప్పి ఎంతుంటే అంత రాయి.

నీ
చిట్టి